గడువుకు మూడు అంచనాలు

ఒక పని ఎప్పటికి పూర్తవుతుందో చెప్పడానికి ఒక్క తేదీకి బదులు మూడు అంచనాలు తీసుకునే పద్ధతి ఒకటి ఉంది. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా సాగితే ఎన్ని, అడ్డంకులు వరుసకట్టి వస్తే ఎన్ని అని ప్రతి దశకూ విడిగా అడుగుతారు. వీటిని మంచి అంచనా, మామూలు అంచనా, గడ్డు అంచనా అనుకోవచ్చు. ఈ మూడింటి నుంచి ‘ఈ తేదీకీ ఆ తేదీకీ మధ్య’ అనే గడువు తేలుతుంది.

ఈ లెక్క 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కార్యక్రమం కోసం రూపొందించిన ‘పెర్ట్’ పద్ధతిలో భాగంగా వాడుకలోకి వచ్చింది. జలాంతర్గామి నుంచి ప్రయోగించే అలాంటి క్షిపణిని అమెరికా నౌకాదళం అంతకుముందు తయారుచేయలేదు. పాత రికార్డులు చూసి గడువు చెప్పే వీల్లేదు కాబట్టి పని తెలిసిన ఇంజినీర్లనే మూడేసి అంకెలు అడిగారు.

ఒక్కో దశకు సగటు కట్టే సూత్రం ఇది:

```
సగటు = (మంచి + 4 × మామూలు + గడ్డు) / 6
చలనం = (గడ్డు − మంచి) / 6
```

మామూలుగా పట్టే కాలమే ఎక్కువసార్లు నిజమవుతుంది కాబట్టి దానికి నాలుగు పాళ్ల బరువు ఇచ్చారు. రెండో వరుసలోని చలనం అంటే ఆ సగటు అటూ ఇటూ ఎంత ఊగే అవకాశం ఉందో చెప్పే అంకె. గణితంలో దీన్నే ప్రామాణిక విచలనం అంటారు.

ఒక అంతస్తు ఇంటి నిర్మాణాన్ని ఉదాహరణగా తీసుకుంటే లెక్క సులువుగా తెలుస్తుంది. జనవరి 1న పని మొదలవుతుందనీ, ఒక దశ ముగిశాకే తర్వాతిది మొదలవుతుందనీ అనుకుందాం. మేస్త్రీ ఇచ్చిన అంచనాలు రోజుల్లో ఇలా ఉన్నాయి.

| దశ | మంచి | మామూలు | గడ్డు | సగటు | చలనం |
|---|---|---|---|---|---|
| పునాది, ప్లింత్ బీమ్ | 18 | 24 | 42 | 26 | 4 |
| పిల్లర్లు, స్లాబ్ | 30 | 36 | 54 | 38 | 4 |
| గోడలు | 14 | 20 | 32 | 21 | 3 |
| ప్లాస్టరింగ్ | 15 | 21 | 33 | 22 | 3 |
| టైల్స్, తలుపులు, రంగులు | 24 | 33 | 60 | 36 | 6 |

ప్రతి దశలోనూ సగటు మామూలు అంచనా కన్నా ఎక్కువే వచ్చింది. పని త్వరగా ముగియడానికి ఒక గట్టి హద్దు ఉంటుంది, ఆలస్యానికి ఉండదు. స్లాబ్ దశనే చూస్తే, 6 మీటర్ల లోపు బీముల కింద సెంట్రింగ్ సపోర్టులు మామూలుగా 14 రోజులైనా ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఎంతమంది కూలీలను పెట్టినా కాంక్రీటు గట్టిపడే కాలం తగ్గదు. అదే ఇసుక లారీ రాకపోయినా, సెంట్రింగ్ వాళ్లు మరో సైటుకు వెళ్లిపోయినా వారాలు గడిచిపోతాయి.

మామూలు అంచనాలన్నీ కలిపితే 134 రోజులు, అంటే మే 14. సాధారణంగా ఇంటి యజమానికి చెప్పే తేదీ ఇదే. సగటులు కలిపితే మాత్రం 143 రోజులై మే 23కు చేరుతుంది. ఇక చలనాలను నేరుగా కూడకూడదు. అన్ని దశలూ ఒకేసారి చెడిపోవడం అరుదు, ఒకచోట పోయిన రోజులు కొన్ని మరోచోట కలిసొస్తాయి. అందుకే ఒక్కోదాన్ని వర్గం చేసి, ఆ వర్గాలను కూడి, మొత్తానికి వర్గమూలం తీస్తారు. ఇక్కడ 16, 16, 9, 9, 36 కలిపితే 86, దాని వర్గమూలం సుమారు 9.3 రోజులు.

ఇప్పుడు తేదీలకు అర్థం వస్తుంది. మే 23లోపు పని ముగిసే అవకాశం ఇంచుమించు సగం. జూన్ 1లోపు ముగిసే అవకాశం ఆరింట అయిదు పాళ్లు, జూన్ 7లోపు అయితే ఇరవైలో పంతొమ్మిది. అందరూ నమ్మిన మే 14కు ఉన్నది ఆరింట ఒక్క పాలే. మేస్త్రీ ఏ దశలోనూ అబద్ధం చెప్పలేదు. మామూలు అంకెలను కూడేటప్పుడు ఆలస్యం వైపున్న మొగ్గు లెక్కలోంచి జారిపోయింది. కాబట్టి యజమానికి మే 14 నుంచి జూన్ 1 అని చెప్పి, బంధువులను పిలవాల్సిన గృహప్రవేశానికి జూన్ 7 తర్వాతి ముహూర్తం చూసుకోమనడం సరైన పద్ధతి.

ఈ లెక్క విలువ అంతా గడ్డు అంచనాను ఎలా అడిగారన్న దానిపై ఉంటుంది. ముందుగా మామూలు అంకె అడిగితే మనసు దానికే అతుక్కుపోయి, గడ్డు అంకెగా నాలుగైదు రోజులు మాత్రమే కలుస్తాయి. అందుకే గడ్డు అంచనాను మొదట అడిగి, ప్రతి ఆలస్యానికీ కారణం చెప్పించాలి. ముందే తెలిసినవాటిని మాత్రం ఇందులో కలపకూడదు. సంక్రాంతికి పని ఆగుతుందన్నది ఖాయం కాబట్టి ఆ రోజులు మూడు అంకెల్లోనూ ఉండాలి. ఊరెళ్లిన కూలీలు మరో వారానికి గానీ తిరిగి రాకపోవడం గడ్డు అంచనాలోకి వస్తుంది.

గడ్డు అంటే ఎంత గడ్డు అన్నదీ ముందే తేల్చుకోవాలి. ఆరుతో భాగించే సూత్రం, నూటికి ఒక్కసారి మాత్రమే దాటే అంకెను ఊహించుకుని పెట్టినది. చాలామంది ఇచ్చే గడ్డు అంకె ఇరవైకి ఒకసారి దాటేది. మంచి అంకె కూడా ఆ మేరకే జాగ్రత్తగా ఇచ్చినదైతే చలనానికి 6 బదులు సుమారు 3.2తో భాగించాలి. అప్పుడు చలనం ఇంచుమించు రెట్టింపవుతుంది. పాత పనుల్లో గడ్డు అంచనాను దాటినవి ఎన్నో లెక్కపెట్టి చూస్తే ఏ కోవకు చెందినదో తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. దశల ఆలస్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని ఇది అనుకుంటుంది. డబ్బు విడతలు ఆలస్యమైతే ఇసుక, సిమెంటు, టైల్స్ అన్నీ ఆలస్యమవుతాయి. అన్ని దశలూ పూర్తిగా కలిసే ఊగితే చలనాలను నేరుగా కూడాలి. అప్పుడు మొత్తం 9 కాదు, 20 రోజులు. ఆరింట అయిదు పాళ్ల తేదీ జూన్ 1 నుంచి జూన్ 12కు జరుగుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

రెండో పరిమితి పక్కపక్కనే నడిచే పనులది. వడ్రంగి దగ్గర తలుపులూ, ఇంట్లో టైల్స్ పనీ రెండూ ముగిశాకే రంగులు వేయాలనుకుందాం. ఒక్కోటి వేళకు అయ్యే అవకాశం సగం చొప్పున ఉంటే, రెండూ వేళకు అయ్యే అవకాశం పావు మాత్రమే. అన్నింటికన్నా పొడవైన ఒక్క వరుసనే చూసే పెర్ట్ లెక్క ఈ తేడాను పట్టుకోదు. అలాంటి పెద్ద పనుల్లో ‘మాంటె కార్లో’ పద్ధతిలో కంప్యూటర్ చేత వేలసార్లు యాదృచ్ఛిక అంకెలతో పని నడిపించి తేదీలు రాబడతారు.

ఒక్కో దశ ముగిసినప్పుడల్లా అంచనాను తీసేసి అసలు రోజులు వేసి లెక్క మళ్లీ కట్టాలి. పునాదికి 26 బదులు 33 రోజులు పట్టాయనుకుంటే, మిగిలిన సగటులు 117 కలిపి మొత్తం 150 రోజులు అవుతుంది. మిగిలిన చలనం 8.4కు తగ్గుతుంది. గోడలు పూర్తయ్యేసరికి అది 6.7కు దిగుతుంది. గడువు మధ్య తేదీ ముందుకు వెనక్కు కదిలినా, దాని వెడల్పు దశ దశకూ ఇలా తగ్గుతూ ఉండాలి. సగం పని అయ్యాక కూడా వెడల్పు తగ్గడం లేదంటే మిగిలిన దశల గడ్డు అంచనాలు పెరుగుతున్నాయని అర్థం. వాటి కారణాలను అప్పుడే విడిగా పరిశీలించాలి.