వాపున్న బిడ్డకు మందు ఎంత?

రెండేళ్ల పాప, బరువు 7 కిలోలు. పాదాల మీద వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడటం లేదు. నీళ్ల విరేచనాలు, జ్వరం కూడా ఉన్నాయి. ఇలాంటి పాప పోషకాహార పునరావాస కేంద్రంలో చేరిందనుకుందాం.

మామూలు బిడ్డకు ఒంట్లో నీరు తగ్గితే నాలుగు గంటల్లో కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్ఎస్ తాగిస్తారు. ఈ లెక్కన పాపకు 525 మిల్లీలీటర్లు పట్టాలి. అలా పడితే ప్రాణం మీదకు రావచ్చు. తీవ్ర పోషకాహార లోపంలో కణాల్లోంచి సోడియాన్ని బయటికి తోసే పంపులు మందగిస్తాయి. లోపల సోడియం పేరుకుంటుంది, పొటాషియం బయటికి జారిపోతుంది. అదనపు ఉప్పునూ నీటినీ మూత్రపిండాలు వదిలించుకోలేవు. బలహీనపడ్డ గుండె ఆ భారాన్ని తట్టుకోలేదు. అందుకే సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉండే రీసోమాల్ అనే ద్రావణాన్ని వాడతారు. అదీ మొదటి రెండు గంటలు అరగంటకోసారి 35 మిల్లీలీటర్లు మాత్రమే. ప్రతిసారీ నాడి, శ్వాస లెక్కపెడతారు. నిమిషానికి నాడి 25, శ్వాస 5 చొప్పున రెండూ పెరిగితే ఆపేస్తారు. షాక్‌లో ఉంటే తప్ప సెలైన్ ఎక్కించరు.

చర్మం పట్టి లాగి చూడటం ఇక్కడ నమ్మదగ్గ పరీక్ష కాదు. కొవ్వు కరిగిపోయిన చర్మం నీరు తగ్గకపోయినా మెల్లగానే సర్దుకుంటుంది. విరేచనాలు ఎన్నిసార్లయ్యాయో తల్లిని అడగడం మేలు. ఇక వాపు తగ్గాలని లాసిక్స్ ఇవ్వడం పెద్ద తప్పు, అసలే తక్కువైన పొటాషియాన్ని అది మూత్రంలో పోగొడుతుంది.

జ్వరం లేకపోయినా లోపల ఇన్ఫెక్షన్ ఉందనే భావించి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. పేగుల లోపలి పొర పలచబడి, నోటి మందు ఎంత ఒంటికి పడుతుందో చెప్పలేం కాబట్టి జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మొదట ఇంజెక్షనే. జెంటామైసిన్ కిలోకు 7.5 మిల్లీగ్రాములు, అంటే పాపకు సుమారు 52, రోజుకు ఒక్కసారి. ఇది నీటిలో కలిసే మందు. వాపు నీటిలోకీ పాకి పలచబడుతుంది, కానీ మూత్రపిండాలు మందగిస్తే బయటికి పోక పేరుకుంటుంది. పేరుకుంటే చెవుడు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే మూత్రం వస్తోందని చూశాకే రెండో డోసు ఇవ్వాలి.

కాలేయం సంగతీ అంతే. పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచేసే గ్లూటాథియోన్ ఈ పిల్లల్లో అడుగంటి ఉంటుంది. కాబట్టి ఒళ్లు కాస్త వెచ్చబడిందని గంటగంటకీ పోయకూడదు.

ఒళ్లు పాలిపోయి ఉందని మొదటి వారంలోనే ఐరన్ ఇవ్వడం కూడా ప్రమాదమే. రక్తంలో ఐరన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ తగ్గి, విడిగా తిరిగే ఐరన్ సూక్ష్మక్రిములకు మేత అవుతుంది. ఆకలి తిరిగొచ్చి బరువు పెరగడం మొదలయ్యాకే, సాధారణంగా రెండో వారంలో, ఐరన్ మొదలుపెడతారు.