సిగ్నల్ అందని చోట ఎస్‌ఎంఎస్‌లను భద్రపరచడం

బస్తర్ లోతట్టు గ్రామాల్లో తునికాకు సొమ్ము ఖాతాలో జమ అయినవారికి, బ్యాంకు పంపిన ఎస్‌ఎంఎస్సే వెంటనే చూపగల ఆధారం. ఫోన్ మార్చినా అది పోకూడదు.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని గూగుల్ బ్యాకప్‌కు ఇంటర్నెట్ తప్పనిసరి. పైగా సాధారణంగా కొత్త ఫోన్‌ను తొలిసారి సిద్ధం చేసేటప్పుడే అది సందేశాలను తిరిగి ఇస్తుంది. సిగ్నల్ అందని చోట SMS Backup & Restore వంటి యాప్ మేలు. అది సందేశాలన్నిటినీ ఒకే XML ఫైలుగా మెమరీ కార్డులో దాచగలదు. ఫైలు ఆరంభంలో `count="412"` అని ఉంటే 412 సందేశాలు చేరినట్లే.

కార్డును కొత్త ఫోన్‌లో అమర్చి, అదే యాప్‌లో Restore నొక్కితే, తనను డిఫాల్ట్ ఎస్‌ఎంఎస్ యాప్‌గా ఎంచుకోమని అది కోరుతుంది. అందుకు అనుమతించాలి. పని ముగిశాక మళ్లీ పాత యాప్‌కే మార్చాలి. లేకుంటే కొత్తగా వచ్చే సందేశాలు కనిపించకపోవచ్చు. మామూలుగా ఈ ఫైలుకు తాళం ఉండదు. కార్డు ఎవరి చేతికి చిక్కినా బ్యాంకు సందేశాలు చదివేయగలరు.