ఏడాది గీతకు ఇటూ అటూ

ఒకే కంపెనీ షేరు, ఒకే కొనుగోలు ధర, ఒకే అమ్మకం ధర. అయినా పది రోజుల తేడాలో కట్టాల్సిన పన్ను యాభై రెండు వేల నుంచి పదహారు వేలకు దిగుతుంది. షేర్ల లాభాల మీద మన దేశంలో పన్ను వేసే తీరు అలాంటిది. అదెలాగో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం.

కాకినాడలో ఉద్యోగం చేసుకునే ఒకాయన 2024 జూన్ 3న ఒక కంపెనీవి 500 షేర్లు, ఒక్కోటి 400 రూపాయల చొప్పున కొన్నాడనుకోండి. పెట్టుబడి రెండు లక్షలు. 2025 మే చివరికి షేరు 900కి చేరింది. ఇంట్లో ఏదో ఖర్చు వచ్చిపడి, మే 27న మొత్తం అమ్మేశాడు. లాభం రెండున్నర లక్షలు. కొని ఇంకా పన్నెండు నెలలు దాటలేదు కాబట్టి ఇది స్వల్పకాలిక మూలధన లాభం. దీని మీద 20 శాతం పన్ను, అంటే 50,000. దానిపై 4 శాతం సెస్ కలిపితే 52,000 రూపాయలు.

అదే మనిషి జూన్ 6 దాకా ఆగి అదే 900కి అమ్మాడనుకుందాం. పన్నెండు నెలలు దాటిపోయాయి, లాభం దీర్ఘకాలికం అయింది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలాంటి దీర్ఘకాలిక లాభాల్లో మొదటి లక్షా పాతిక వేల మీద పన్ను ఉండదు. మిగిలిన లక్షా పాతిక వేల మీద 12.5 శాతం అంటే 15,625, సెస్‌తో 16,250. పది రోజుల ఓపిక విలువ 35,750 రూపాయలు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదై, సెక్యూరిటీల లావాదేవీ పన్ను కట్టి అమ్మిన షేర్లకు 2024 జూలై 23 నుంచి వచ్చిన రేట్లివి. బ్రోకర్ కమిషన్ని లాభంలోంచి తీసేయవచ్చు కానీ లావాదేవీ పన్నును తీసేయకూడదు. లెక్క తేలికగా ఉండాలని ఇక్కడ రెంటినీ పక్కన పెట్టాను.

జూన్ 4 అనకుండా 6 అనడానికి కారణం ఉంది. చట్టం అడిగేది పన్నెండు నెలలకు మించిన కాలం. సరిగ్గా పన్నెండు నెలలైతే చాలదు. పైగా మనం కొన్న రోజు వేరు, షేరు డీమ్యాట్ ఖాతాలోకి వచ్చే రోజు వేరు. సాధారణంగా మర్నాటి పనిదినానికి గానీ అది జమ కాదు. అంచు మీద నిలబడి అధికారులతో వాదించే కంటే రెండు మూడు రోజులు అదనంగా ఆగడం తెలివైన పని.

అయితే ఆ పది రోజుల్లో షేరు పడిపోతేనో? వినగానే ఇది పెద్ద జూదంలా అనిపిస్తుంది. లెక్క వేస్తే అంత భయపడాల్సింది లేదు. మే 27న అమ్మితే పన్ను పోను చేతిలో మిగిలే లాభం 1,98,000. జూన్ 6న షేరు 818 రూపాయలకు పడిపోయినా, తగ్గిన పన్ను పుణ్యమా అని మిగిలేది దాదాపు అంతే. అంటే ధర తొమ్మిది శాతం జారినా మనిషి నష్టపోడు. ఆ ఏడాది లక్షా పాతిక వేల మినహాయింపును వేరే షేర్లు అమ్మి ముందే వాడేసుకుని ఉంటే, ఈ వెసులుబాటు 855 దగ్గరే ఆగిపోతుంది. ఇక ఏడాది నిండడానికి ఇంకా ఏడు నెలలుంటే మాట వేరు. అంతకాలంలో తొమ్మిది శాతం పడడం పెద్ద వింత కాదు. కాబట్టి గీతకు ఎంత దగ్గరగా ఉన్నామన్నదే ప్రశ్న. పన్ను భయంతో చెడ్డ షేరును నెలల తరబడి అట్టిపెట్టుకున్నవాళ్లు పన్నులో మిగిల్చుకున్నదానికంటే ఎక్కువే ధరలో పోగొట్టుకుంటారు.

చాలామంది తడబడేది ఇక్కడ కాదు, ఏ షేరుకు ఏ తేదీ అన్న చోట. గడువు కంపెనీకి కాదు, కొన్న ప్రతి విడతకూ విడిగా నడుస్తుంది. మన కాకినాడ ఆసామీ 2025 జనవరి 10న అదే కంపెనీవి మరో 300 షేర్లు 700 చొప్పున కొన్నాడనుకోండి. జూన్ 6న 600 షేర్లు అమ్మితే ఏవి అమ్మినట్టు? ఆ డీమ్యాట్ ఖాతాలోకి ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క. పాత 500 దీర్ఘకాలికం, జనవరి విడతలోని 100 స్వల్పకాలికం. ఆ వందకూ లాభం 20,000, పన్ను సెస్ కాకుండా 4,000. నేను కొత్తవే అమ్మానని చెప్పుకునే అవకాశం లేదు. కాకపోతే ఈ వరస ఖాతాకు ఖాతా విడిగా ఉంటుంది కనుక, రెండు డీమ్యాట్ ఖాతాలున్నవాళ్లకు ఏ ఖాతాలోంచి అమ్మాలో ఎంచుకునే వీలుంటుంది.

దీంట్లోనే ఇంకో చిక్కు. ఆ 800 షేర్లకు కలిపి సగటు కొనుగోలు ధర 512 రూపాయల 50 పైసలు. ఫోన్‌లో యాప్ తెరిస్తే సాధారణంగా కళ్లకు కనిపించేది ఆ సగటే. దాన్ని నమ్మి 500 షేర్లు అమ్మితే లాభం 1,93,750 అనుకుంటాం. పన్ను శాఖ మాత్రం 400కి కొన్న విడతనే చూసి రెండున్నర లక్షలంటుంది. అసలు లెక్క బ్రోకర్ ఏటా ఇచ్చే లాభనష్టాల పన్ను నివేదికలో ఉంటుంది. రిటర్న్ వేసేముందు చూడాల్సింది దాన్నే.

బోనస్ షేర్లు మరీ విచిత్రం. వాటి ఖరీదు సున్నా, గడువు మొదలయ్యేది అవి కేటాయించిన రోజున. పదేళ్ల క్రితం కొన్న షేరు మీద నిరుడు దసరాకు బోనస్ వస్తే, ఆ బోనస్ షేరుకు వయసు నిరుటి నుంచే. ఏడాది లోపు దాన్ని అమ్మితే వచ్చిన డబ్బంతా లాభమే, అదీ 20 శాతం రేటులో. షేరును చిన్న ముఖవిలువలుగా విడగొట్టినప్పుడు మాత్రం పాత తేదీయే కొనసాగుతుంది. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చినవాటికీ, బహుమతిగా అందినవాటికీ పాత యజమాని కొన్న రోజు నుంచే కాలం లెక్కిస్తారు. ఖరీదు కూడా ఆయన పెట్టినదే. ఆ షేర్లు 2018 జనవరి 31కి ముందు కొన్నవైతే ఇంకో ఊరట ఉంది. అసలు ఖరీదుకు బదులు ఆ రోజు ఎక్స్ఛేంజీలో పలికిన గరిష్ఠ ధరను ఖరీదుగా చూపించవచ్చు. అయితే దాంతో లాభం నష్టంగా మారిపోకుండా, అమ్మకం ధరను దాటనివ్వరు.

ఆ 2018 తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, ఏడాది గీత ఎందుకుందో కొంత అర్థమవుతుంది. 2004 అక్టోబర్ నుంచి షేరు కొన్నా అమ్మినా లావాదేవీ పన్ను వసూలు మొదలైంది. దానికి బదులుగా ప్రభుత్వం దీర్ఘకాలిక లాభం మీద పన్ను పూర్తిగా ఎత్తేసింది, స్వల్పకాలికానికి 10 శాతం ఉంచింది. 2008లో ఆ పది పదిహేనయింది. దాదాపు పద్నాలుగేళ్లపాటు ఏడాదికి ఒక్క రోజు అటు పడితే పన్ను సున్నా. 2018 ఫిబ్రవరి 1న అరుణ్ జైట్లీ బడ్జెట్ ఈ సున్నాకు ముగింపు పలికి, లక్ష దాటిన లాభం మీద 10 శాతం వేసింది. అప్పటిదాకా పెరిగిన లాభాన్ని పట్టుకోకూడదని ముందురోజు ధరను ఖరీదుగా ఒప్పుకుంది. 2024 జూలై 23న నిర్మలా సీతారామన్ రెండు రేట్లనూ పెంచి, పన్నులేని హద్దును లక్షా పాతిక వేలకు జరిపారు. గమనిస్తే ఇక్కడ పెద్ద దెబ్బ తిన్నది తొందరగా అమ్మేవాళ్లే. వాళ్ల రేటు ఐదు శాతం పాయింట్లు పెరిగింది, ఆగేవాళ్లది రెండున్నర.

ఆగినవాళ్లకు తక్కువ రేటు ఎందుకంటే ఆర్థికవేత్తలు చెప్పే కారణాలు మూడు రకాలు. పదేళ్లలో మెల్లగా పెరిగిన లాభం అమ్మిన ఏడాది ఒక్కసారిగా ఆదాయంగా కనబడుతుంది, దాన్ని జీతంలా చూడడం న్యాయం కాదన్నది ఒకటి. ఆ లాభంలో కొంత కేవలం ధరల పెరుగుదలే, నిజమైన లాభం కాదన్నది రెండోది. అమ్మితేనే పన్ను పడుతుంది గనక రేటు మరీ ఎక్కువైతే జనం అమ్మడమే మానేసి డబ్బు పాత కంపెనీల్లోనే ఇరుక్కుపోతుందన్నది మూడోది. పదేళ్లు అట్టిపెట్టిన షేరుకు ఇవన్నీ బాగానే అతుకుతాయి. పన్నెండు నెలలకు మాత్రం నాకైతే అంతగా అతకవు. పదమూడు నెలల్లో ద్రవ్యోల్బణం ఎంతని తినేస్తుంది? నిజానికి ఏడాది గీత ఒక రాజీ. రోజువారీ బేరగాణ్ణీ పెట్టుబడిదారునూ ఎక్కడో ఒకచోట విడదీయాలి, తేదీని మించి తేలికగా నిరూపించగలిగింది ఇంకేదీ లేదు. అందుకే ఎక్స్ఛేంజీలో లేని కంపెనీ షేర్లకు అదే చట్టం రెండేళ్లు అడుగుతుంది. ఉదయం కొని సాయంత్రం అమ్మేసేది అసలు మూలధన లాభమే కాదు, వ్యాపార ఆదాయం.

ఈ రెండు రేట్లూ శ్లాబులకు బయట ఉంటాయి. 30 శాతం శ్లాబులో ఉన్న డాక్టరుకు 20 శాతం చవకే. 5 శాతం శ్లాబులో ఉన్న చిన్న ఉద్యోగికి అదే 20 శాతం భారం. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నులేదన్న మాట విని, ఈ లాభాలు కూడా అందులోకే వస్తాయని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రాయితీ వీటికి వర్తించదు. వేరే ఆదాయం లేని గృహిణికి మాత్రం ఒక దారి ఉంది. 2025-26 నుంచి కొత్త విధానంలో ఉన్న నాలుగు లక్షల ప్రాథమిక హద్దులో మిగిలినంత మేర ఈ లాభాలను సర్దుకోవచ్చు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటూ ఇక్కడ షేర్లు కొన్న మనవాళ్లకు ఆ సర్దుబాటు కూడా లేదు.

నష్టాల దగ్గరకొస్తే గీత తిరగబడుతుంది. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంతోనే సర్దుకోవాలి. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల లాభాలతోనూ సర్దుకోవచ్చు. మన ఆసామీ దగ్గర పదకొండు నెలల క్రితం కొని 60,000 నష్టంలో ఉన్న వేరే షేరు ఉందనుకోండి. దాన్ని వదిలించుకోవాలని ఎటూ అనుకుంటుంటే ఏడాది నిండకముందే అమ్మాలి. అదే ఏడాది ఆయనకు 60,000 స్వల్పకాలిక లాభం ఇంకెక్కడో ఉంటే, సెస్‌తో కలిపి 12,480 రూపాయల పన్ను తప్పుతుంది. నెల ఆగి అమ్మితే ఆ లాభానికి ఈ నష్టం అక్కరకు రాదు. వాడుకోని నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు, అయితే నష్టం వచ్చిన ఏటి రిటర్న్ గడువులోపు వేసి ఉండాలి. గడువు దాటాక జరిమానా కట్టి వేసిన రిటర్న్‌తో ఆ ఎనిమిదేళ్ల హక్కు రాదు.