గడువు తప్పేలా ఉంటే అనువాదకుడు రాసే ఉత్తరం

హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ వ్యవహారం ఇంగ్లీషులో నడవాలని రాజ్యాంగంలోని 348వ అధికరణం చెబుతోంది. అందుకే కింది కోర్టులో తెలుగులోనే దాఖలైన దస్తావేజులు, వీలునామాలు, ఒప్పంద కాగితాలు అప్పీలుకి వెళ్లేటప్పుడు ఇంగ్లీషులోకి మారాల్సి వస్తుంది. ఈ పని చాలావరకు సొంతంగా పనిచేసుకునే అనువాదకుల చేతికి వస్తుంది. జిల్లా కోర్టు డిక్రీ మీద హైకోర్టుకి అప్పీలు వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు 90 రోజులు. డిక్రీ నకలు పొందడానికి పట్టిన రోజుల్ని అందులోంచి మినహాయిస్తారు. అనువాదకుడి గడువు వెనక ఈ అసలు గడువు ఉంటుంది. అందువల్ల ఆలస్యం గురించి అతను న్యాయవాదికి రాసే ఉత్తరంలో క్షమాపణ కన్నా లెక్కకే ఎక్కువ పని.

ఊహించిన కేసొకటి తీసుకుని ఆ లెక్క చూడవచ్చు. భూమి పంపకాల దావా తాలూకు 90 పేజీల తెలుగు కాగితాలు జూన్ 2న అనువాదకుడికి అందాయి. 60 పేజీలు టైపు చేసినవి, 30 పేజీలు పాత చేతిరాత. పేజీకి సుమారు 200 మాటల చొప్పున మొత్తం 18,000 మాటలు. రోజుకి 2,000 మాటల లెక్కన అనువాదానికి తొమ్మిది రోజులు, మూలంతో వరసగా సరిపోల్చి దిద్దడానికి మూడు రోజులు. ఆదివారం తీసేస్తే పన్నెండు పని దినాలు 14వ తేదీతో పూర్తవుతాయి కాబట్టి జూన్ 16 ఉదయం ఇస్తానని అతను ఒప్పుకున్నాడు.

టైపు పేజీలు అనుకున్నట్టే ఆరు రోజుల్లో, 7వ తేదీకి పూర్తయ్యాయి. 9న చేతిరాత మొదలుపెట్టాక సాయంత్రానికి అయినవి ఐదు పేజీలే, అంటే వెయ్యి మాటలు. కారణం కాగితాల్లోనే ఉంది. దస్తావేజు లేఖరి గొలుసుకట్టుగా రాసుకుపోయాడు, జిరాక్సులో కొన్ని వరసలు మాసిపోయాయి. సర్వే నంబర్లు తెలుగు అంకెల్లో ఉన్నాయి. ౨కీ ౩కీ మధ్య తేడా చిన్న వంపు మాత్రమే. ఆ వంపు మాసిపోతే ౧౨౩ అన్న సర్వే నంబరు ౧౨౨ అవుతుంది, పొలమే మారిపోతుంది. అలాంటి ప్రతి అంకెనీ హద్దుల పట్టికతోనూ అదే దస్తావేజులో మరోచోట కనిపించే నంబరుతోనూ పోల్చి చూడాలి. అక్కడ రోజుకి 2,000 మాటలు సాధ్యం కాదు.

ఇంకా 25 పేజీలున్నాయి. రోజుకి ఐదు చొప్పున ఐదు రోజులు, ఆపైన దిద్దుబాటుకి మూడు రోజులు. అంటే 18వ తేదీ సాయంత్రానికి గాని పని తెమలదు. ఉత్తరం రాయాల్సింది ఈ సంగతి తేలిన 9వ తేదీనే. 15వ తేదీ దాకా ఆగి, ఈలోగా ఎలాగో పుంజుకోవచ్చని ఆశపడితే, న్యాయవాది తన పనిని సర్దుకోవడానికి ఉన్న వారం రోజులూ చేజారిపోతాయి.

రాసే ముందు పని వరస మార్చి చూడటం మంచిది. టైపు పేజీలు అనువాదం అయిపోయాయి కాబట్టి వాటిని 10, 11 తేదీల్లో దిద్దేస్తే 12 ఉదయానికి మూడింట రెండు వంతుల పని చేరిపోతుంది. అది పాత గడువు కన్నా నాలుగు రోజులు ముందే. చేతిరాత పేజీలకి 12, 13, 14, 16, 17 తేదీలు, వాటి దిద్దుబాటుకి 18. లెక్కలో 19 ఉదయం ఇవ్వవచ్చు గాని, చదవలేని పేజీ ఇంకొకటి ఎదురైతే పట్టేలా ఒక రోజు కలిపి 20 అని రాయాలి. ఒకసారి గడువు మార్చితే న్యాయవాది సర్దుకుంటారు. రెండోసారి మార్చితే మూడో తేదీని నమ్మరు.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“న్యాయవాది గారికి నమస్కారం. పంపకాల దావా కాగితాల అనువాదం జూన్ 16కి మొత్తం అందించలేను. 20 ఉదయానికి పూర్తిగా ఇవ్వగలను. 60 టైపు పేజీల అనువాదం అయింది. 30 చేతిరాత పేజీల్లో ఇవాళ్టికి ఐదు అయ్యాయి. ఒప్పుకునేటప్పుడు రెంటికీ ఒకే వేగం లెక్కగట్టడం నా పొరపాటు.

టైపు పేజీలు దిద్ది 12 ఉదయం పంపుతాను. అప్పీలు కారణాలు రాసుకోవడానికి అవి పనికొస్తాయి. చేతిరాత భాగంలో తేలే పదాలను బట్టి వాటిలో చిన్న మార్పులు రావచ్చు. అందుకని దాఖలు చేయడానికి 20న ఇచ్చే పూర్తి ప్రతినే వాడండి, నా ధ్రువీకరణ దానికే ఉంటుంది.

రెండు విషయాలు 11లోగా తెలియజేయండి. అప్పీలు దాఖలు చేయాల్సిన ఆఖరి తేదీ ఎప్పుడు? పంపకాల దస్తావేజులో 4, 9 పేజీలు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. వాటికి మంచి ప్రతి గాని, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ గాని దొరుకుతుందా?”

మొదటి రెండు వాక్యాల్లోనే ఏది కుదరదో, ఏది కుదురుతుందో తెలిసిపోతుంది. కారణం మూడు వాక్యాల్లో ముగుస్తుంది. తప్పు ఎవరిదో దాచలేదు, అలాగని దాని గురించే రాసుకుపోలేదు. అడిగినవాటికి జవాబు ఎప్పటిలోగా కావాలో ఉంది. ఉత్తరం ఎవరి కంటైనా పడవచ్చు కాబట్టి కక్షిదారుల పేర్లు, సర్వే నంబర్లు అందులో రాయలేదు.

20వ తేదీ కూడా న్యాయవాదికి ఆలస్యమే అయితే చేతిరాత పేజీల్లో కొన్నిటిని మరొక అనువాదకుడికి ఇవ్వవచ్చు. దానికి ముందు న్యాయవాది అనుమతి కావాలి, ఎందుకంటే ఆ కాగితాలు గోప్యంగా ఉండాల్సినవి. పదాల పట్టిక కూడా ఇద్దరి దగ్గరా ఒకటే ఉండాలి. ‘స్వాధీనం’ అన్న మాటని ఒకరు ‘పొజెషన్’ అనీ, ఇంకొకరు ‘ఆక్యుపేషన్’ అనీ రాస్తే, మూలంలో లేని తేడా అనువాదంలో పుడుతుంది. ఎదుటి పక్షం దాని మీద వాదన కట్టవచ్చు. రెండు చేతుల పనిని ఒకటిగా సరిచూడటానికి మరో రోజు పడుతుంది. అందువల్ల 25 పేజీల్ని ఇద్దరు పంచుకున్నంత మాత్రాన సమయం సగానికి తగ్గదు. దిద్దుబాటు రోజుల్ని కోసేసి పాత గడువుకే ఇచ్చేయడం అన్నిటికన్నా ప్రమాదం. తప్పుగా చదివిన అంకె దొరికేది ఆ దశలోనే.

ఈ ఉత్తరంతో అనువాదం గడువు మారుతుంది గాని, అప్పీలు గడువు మారదు. 90 రోజులు దాటితే కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని కోర్టుని అడగాలి. తగిన కారణం ఉందో లేదో కోర్టు చూస్తుంది. అది న్యాయవాది పని. అప్పుడు ఈ ఉత్తరాన్నే ఆయన పిటిషన్‌కి జతచేయవచ్చు. అందుకే ఎన్ని పేజీలు, ఏ రోజుకి ఎంత పని, ఏ కారణం అన్నవి ఉన్నవి ఉన్నట్టు రాయాలి.