స్క్వేర్ వేవ్ నుంచి సైన్ వేవ్ వస్తుందా?

ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు అందుతూ వచ్చే నమ్మకం ఒకటుంది. స్క్వేర్ వేవ్‌ని ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ గుండా పంపితే సైన్ వేవ్ వచ్చేస్తుందట. వచ్చింది సరిగ్గా లేదంటే ఇంకా పెద్ద కెపాసిటర్ పెట్టమంటారు. ఇందులో సగం నిజమే. మిగతా సగం ఎక్కడ తప్పుతుందో కాగితం మీద నాలుగు లెక్కలు వేసుకుంటే తెలిసిపోతుంది.

ముందు సర్క్యూట్ చూద్దాం. ఫంక్షన్ జనరేటర్ నుంచి వచ్చే వోల్టేజీ సగం మిల్లీసెకను పాటు 5 వోల్టులు, మరో సగం మిల్లీసెకను పాటు సున్నా. అంటే సెకనుకు 1000 చక్రాలు. దాన్ని 1600 ఓముల రెసిస్టర్ గుండా పంపి, అవతలి కొసకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెడతాం. 1600 ఓములది దొరక్కపోతే 1500, 100 ఓములవి వరసగా కలపవచ్చు. కెపాసిటర్ మీద 104 అని అచ్చువేసి ఉంటుంది. ఆ కెపాసిటర్ మీద కనిపించే వోల్టేజీయే మన అవుట్‌పుట్.

సన్నని గొట్టంతో నిండే నీళ్ల తొట్టిని ఊహించుకోండి. రెసిస్టర్ గొట్టమైతే కెపాసిటర్ తొట్టి. కుళాయి ఎంత హఠాత్తుగా తిప్పినా తొట్టిలో నీటిమట్టం హఠాత్తుగా మారదు. నిదానంగా వచ్చే మార్పులను తొట్టి అనుసరిస్తుంది, గబగబా వచ్చేవాటిని పెద్దగా పట్టించుకోదు. అందుకే దీన్ని లో-పాస్ ఫిల్టర్ అంటారు.

ఎంత నిదానం, ఎంత వేగం అన్నది రెసిస్టర్, కెపాసిటర్ విలువలే నిర్ణయిస్తాయి. 1/(2πRC) లెక్క కడితే మన సర్క్యూట్‌కి 995 హెర్ట్జ్ వస్తుంది. 1000 అనుకుంటే చాలు. దీన్ని కటాఫ్ ఫ్రీక్వెన్సీ అంటారు. పేరు చూసి అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతుందనుకోకూడదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సైన్ వేవ్ ఎత్తు 0.707 వంతుకు తగ్గుతుంది, అంతే. దాని పైన ఇంకా ఇంకా తగ్గుతూ పోతుంది.

సైన్ వేవ్ పంపితే ఈ సర్క్యూట్ ఏం చేస్తుందో చెప్పడం తేలిక. అదే ఫ్రీక్వెన్సీ గల సైన్ వేవే బయటికొస్తుంది, కాస్త పొట్టిగా, కాస్త ఆలస్యంగా. మరి మనం పంపుతున్నది సైన్ వేవ్ కాదే? ఇక్కడే జోసెఫ్ ఫోరియర్ అవసరం పడుతుంది. లోహంలో వేడి ఎలా పాకుతుందో తేల్చే పనిలో ఉన్న ఈ ఫ్రెంచి గణితవేత్త, 1807లో పారిస్‌లోని ఇన్‌స్టిట్యూట్‌కి ఒక వ్యాసం సమర్పించాడు. మళ్లీ మళ్లీ అదే తీరుగా తిరిగొచ్చే ఆకారం ఏదైనా సరే, దాన్ని సైన్ వేవుల మొత్తంగా రాయవచ్చన్నది అందులోని మాట. దాన్ని పరిశీలించినవారిలో ఉన్న లగ్రాంజ్ ఒప్పుకోలేదు. నున్నటి అలలన్నీ కలిసి నిటారు గోడ ఎలా అవుతాయన్న అనుమానం ఈ రోజు మొదటిసారి వినేవాళ్లకీ వస్తుంది కాబట్టి, ఆయన్ని తప్పుపట్టలేం. ఫోరియర్ పుస్తకం 1822లో గానీ వెలువడలేదు.

మన స్క్వేర్ వేవ్‌ని ఈ పద్ధతిలో విడదీస్తే మొదట వచ్చేది సగటు, అంటే కదలకుండా ఉండే 2.5 వోల్టులు. దానికి అటూ ఇటూ 2.5 వోల్టుల చొప్పున అల ఊగుతుంది. ఆ ఊపులో 1000 హెర్ట్జ్ సైన్ వేవ్, 3000 హెర్ట్జ్‌ది, 5000, 7000, ఇలా బేసి సంఖ్యలవే ఉంటాయి. పై సగం, కింది సగం అచ్చు ఒకేలా ఉండటం వల్ల సరి సంఖ్యలవి రావు. వీటినే హార్మోనిక్స్ అంటారు. వాటి ఎత్తుకు సూత్రం 4A/(nπ). ఇక్కడ A 2.5 వోల్టులు, n హార్మోనిక్ సంఖ్య. లెక్క వేస్తే మొదటిది 3.18 వోల్టులు, మూడవది 1.06, ఐదవది 0.64, ఏడవది 0.45.

మొదటి అంకె దగ్గర కాసేపు ఆగాలి. స్క్వేర్ వేవ్ ఎత్తు 2.5 వోల్టులే అయితే, దానిలో ఒక భాగమైన సైన్ వేవ్ ఎత్తు 3.18 ఎలా అయింది? భాగం మొత్తం కంటే పెద్దది ఎలా అవుతుంది? సగం చక్రం నట్టనడుమ ఏం జరుగుతుందో చూస్తే గుట్టు విడిపోతుంది. అక్కడ మొదటి హార్మోనిక్ శిఖరం మీద ఉంటే మూడవది లోయలో ఉంటుంది, ఐదవది మళ్లీ శిఖరం మీద, ఏడవది లోయలో. 3.18లోంచి 1.06 తీసి, 0.64 కలిపి, 0.45 తీస్తే 2.31 వస్తుంది. అలా కలుపుతూ తీస్తూ పోతే 2.5 దగ్గర స్థిరపడుతుంది. హార్మోనిక్స్ ఎత్తులు విడిగా చెప్పుకుంటే చాలదు. ఏ క్షణాన ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది కూడా చూడాలి. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు ఒక్కో హార్మోనిక్‌ని విడిగా ఫిల్టర్ గుండా పంపుదాం. రెసిస్టర్, కెపాసిటర్ రెండూ లీనియర్ కాబట్టి అలా విడివిడిగా పంపి చివర్లో కలపవచ్చు. డయోడు లాంటిది మధ్యలో ఉంటే ఈ లెక్క చెల్లదు. కటాఫ్, మొదటి హార్మోనిక్ రెండూ 1000 హెర్ట్జే కనుక, n సంఖ్య హార్మోనిక్‌ని సర్క్యూట్ 1/√(1+n²) వంతుకు తగ్గిస్తుంది. మొదటిదానికి అది 0.707. 3.18 వోల్టులు కాస్తా 2.25 అవుతాయి. మూడవదానికి 0.316. 1.06 వోల్టులు 0.34కి దిగుతాయి. ఐదవది 0.12 వోల్టుల దగ్గర, ఏడవది 0.06 దగ్గర తేలతాయి. సగటు 2.5 వోల్టులు మాత్రం చెక్కుచెదరకుండా దాటిపోతాయి.

ఇన్‌పుట్‌లో మొదటిదానితో పోలిస్తే మూడవది 33 శాతం. అవుట్‌పుట్‌లో 15 శాతానికి తగ్గింది. ఐదవది 20 నుంచి 5.5 శాతానికి పడింది. ఫిల్టర్ పని చేసిందనడంలో సందేహం లేదు. పరీక్షల్లో ప్రశ్న సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. అసలు సరదా ఇక్కడి నుంచే మొదలవుతుందని నాకనిపిస్తుంది.

అవుట్‌పుట్ ఎంత ఎత్తుకు వెళుతుందో తెలుసుకోవాలని చాలామంది ఆ నాలుగు ఎత్తులనూ కూడేస్తారు. 2.25, 0.34, 0.12, 0.06 కలిపితే 2.77 వోల్టులు. అంటే ఇన్‌పుట్ 2.5 వోల్టులే ఊగుతుంటే కెపాసిటర్ అంతకంటే ఎక్కువ ఊగాలి. మన తొట్టిలో నీరు కుళాయికి నీరిచ్చే ట్యాంకు మట్టం కన్నా పైకి లేచినట్టన్నమాట! అది జరగదు. ఇలాంటి జవాబు వచ్చిందంటే ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోలేదని అర్థం.

ఒక్కో హార్మోనిక్ ఒక్కో మేరకు వెనకబడుతుంది. మొదటిది తన చక్రంలో 45 డిగ్రీలు, అంటే ఎనిమిదో వంతు. మూడవది దాదాపు 72 డిగ్రీలు, ఐదవది 79, ఏడవది 82. ఎంత పైకి వెళ్లినా ఈ ఆలస్యం 90 డిగ్రీలు దాటదు. ఇప్పుడు ఇన్‌పుట్ 5 వోల్టుల నుంచి సున్నాకు పడే క్షణాన్ని తీసుకోండి. అవుట్‌పుట్ శిఖరం అక్కడే, ఎందుకంటే అంతవరకూ కెపాసిటర్ నిండుతూనే ఉంది. ఆ క్షణాన ఇన్‌పుట్‌లోని హార్మోనిక్స్ అన్నీ సరిగ్గా సున్నా దాటి కిందికి దిగుతుంటాయి. అవుట్‌పుట్‌లోవి వెనకబడ్డాయి కాబట్టి ఇంకా పైనే ఉంటాయి. ఒక్కోదాని ఎత్తును దాని ఆలస్యపు కోణం సైన్‌తో గుణిస్తే, ఆ క్షణాన దాని వాటా వస్తుంది. మొదటిది 1.59 వోల్టులు, మూడవది 0.32, ఐదవది 0.12, ఏడవది 0.06. మొత్తం 2.10.

దీన్ని సరిచూసుకోవడానికి ఫోరియర్‌తో పనిలేని దారి మరొకటుంది. కెపాసిటర్ నిండే తీరును నేరుగా లెక్కగట్టే సూత్రం ప్రకారం ఆ శిఖరం 2.29 వోల్టులు. సగటు మీద చూస్తే అవుట్‌పుట్ 0.21 నుంచి 4.79 వోల్టుల దాకా తిరుగుతుంది. మనకు వచ్చింది 2.10 మాత్రమే. లోటు 0.19 ఎక్కడిది? తొమ్మిదవది, పదకొండవది, ఆ పైన ఎన్నెన్నో. ఒక్కోటి 0.04 వోల్టులు, అంతకంటే తక్కువ. విడిగా చూస్తే లెక్కలోకి రావు. కానీ ఇన్‌పుట్ తిరగబడే ఆ క్షణాన అన్నీ ఒకే దిక్కుకు నెడతాయి. ఆసిలోస్కోప్ తెర మీద అవుట్‌పుట్ శిఖరం దగ్గర సూదిమొనలా కనిపించేది ఈ చిన్నాచితకా హార్మోనిక్స్ పుణ్యమే.

ఇక మొదట చెప్పిన నమ్మకం సంగతి. సైన్ వేవ్ కావాలని కెపాసిటర్‌ని పది రెట్లు పెంచి 1 మైక్రోఫారాడ్ పెట్టామనుకుందాం. కటాఫ్ 100 హెర్ట్జ్‌కి దిగుతుంది. మొదటి హార్మోనిక్ 2.25 వోల్టుల నుంచి 0.32కి పడిపోతుంది. ఇంత నష్టపోయి మూడవదాని పాలు ఏ మేరకు తగ్గించామని చూస్తే, 15 శాతం నుంచి 11 శాతానికి. ఇంకో పది రెట్లు పెంచినా అది 11 దగ్గరే ఉంటుంది. కటాఫ్‌కి బాగా పైన ఈ ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ ఎన్ని రెట్లయితే అన్నో వంతుకు తగ్గిస్తుంది. మూడవదాన్ని మొదటిదాని కంటే మూడు రెట్లే ఎక్కువగా తగ్గించగలదు. ఇన్‌పుట్‌లో మూడో వంతు ఉన్నది అవుట్‌పుట్‌లో తొమ్మిదో వంతు అవుతుంది. అంతకు మించి ఒక్క రెసిస్టర్, ఒక్క కెపాసిటర్ వల్ల కాదు. తెర మీద మిగిలేది చిన్న త్రిభుజాకారపు తరంగం, సైన్ వేవ్ కాదు.

రెండో అంచె కలిపితే మేలు. మధ్యలో బఫర్ పెట్టి మన మొదటి విలువలతోనే ఇంకో ఫిల్టర్ జతచేస్తే, మొదటి హార్మోనిక్ 1.59 వోల్టులు ఉంటుంది, మూడవది 0.11కి, అంటే సుమారు 7 శాతానికి దిగుతుంది. మొదటిది అంతగా చిక్కిపోకుండానే ఒక్క పెద్ద కెపాసిటర్ ఎన్నటికీ ఇవ్వలేని ఫలితం వచ్చింది. బఫర్ లేకుండా నేరుగా కలిపితే రెండో అంచె మొదటిదాని మీద భారమై లెక్క మారిపోతుంది.

ఇవన్నీ బల్ల మీద చూడాలంటే ఆసిలోస్కోప్‌లో FFT బటన్ నొక్కాలి. వోల్టుల్లో కచ్చితంగా 2.25 కోసం వెతకొద్దు. కెపాసిటర్ విలువ పది శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, ఫంక్షన్ జనరేటర్ లోపలి 50 ఓములూ రెసిస్టర్‌తో కలుస్తాయి. గీతల మధ్య తేడా చూడటం మేలు. ఒక్క అంచె ఫిల్టర్‌లో మూడవ హార్మోనిక్ గీత మొదటిదానికి 16.5 డెసిబెల్స్ కింద, ఐదవది 25 కింద ఉండాలి. కెపాసిటర్ పది శాతం తక్కువదైనా ఆ 16.5 కాస్తా 16 అవుతుంది, అంతే.

2000 హెర్ట్జ్ దగ్గర కూడా గీత లేచిందంటే తప్పు ఫిల్టర్‌ది కాదు. ఇన్‌పుట్ సగం సమయం పైన, సగం సమయం కింద ఉండటం లేదని అర్థం. మామూలు పద్ధతిలో కట్టిన 555 టైమర్‌తో ఇది తరచూ ఎదురవుతుంది. 50కి బదులు 55 శాతం సమయం పైన ఉన్నా చాలు, రెండవ హార్మోనిక్ అవుట్‌పుట్‌లో 0.22 వోల్టులతో ఐదవదాన్ని మించిపోతుంది. జనరేటర్ మీద డ్యూటీ సైకిల్ మీటను 50 వైపు మెల్లగా తిప్పుతుంటే, ఆ ఒక్క గీత కిందికి దిగిపోవడం కళ్లారా చూడవచ్చు.