ఉద్యోగం పోదన్నారు సరే, ఊరు మారుతుందా?

2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పది ప్రభుత్వ బ్యాంకులను నాలుగుగా కలుపుతున్నట్టు ప్రకటించారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, మంగళూరుకు చెందిన కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసిపోతుందని ఆ రోజే తెలిసింది. ఉద్యోగులు నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు. సెప్టెంబరు 1న మంత్రి చెన్నైలో, ఏ ఒక్కరి ఉద్యోగమూ పోదని హామీ ఇచ్చారు. అయినా అక్టోబరు 22న బ్యాంకు సంఘాలు సమ్మెకు దిగాయి.

2020 ఏప్రిల్ 1న విలీనం జరిగినప్పుడు ఆంధ్రా బ్యాంకు సిబ్బంది యూనియన్ బ్యాంకు ఉద్యోగులయ్యారు. మరి హామీ విన్నాక కూడా గుబులు ఎందుకు పోలేదు? ఎందుకంటే ఉద్యోగి మనసులోని ప్రశ్న అదొక్కటే కాదు. ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉండేది, యూనియన్ బ్యాంకుది ముంబయిలో. ఇక్కడి అధికారిని అక్కడికి బదిలీ చేస్తారా? ఒకే వీధిలో రెండు శాఖలుంటే ఏది మూస్తారు? సీనియారిటీ జాబితాలో ఎవరు పైన, ఎవరు కింద? పిల్లల చదువు, ఇంటి లోను, ముసలి తల్లిదండ్రులు, ఇవన్నీ ఆ జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి.

విలీన వార్త చెప్పే నాయకుడికి అసలు పరీక్ష ఇక్కడే. తన చేతిలో ఉన్నదానికి మాత్రమే హామీ ఇవ్వాలి. మిగతాది ఎప్పుడు తేలుతుందో తేదీతో చెప్పాలి.

ఇది నా అభిప్రాయమే కాదు. అమెరికాలో డేవిడ్ ష్వైగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు విలీనమవుతున్న ఒక కంపెనీకి చెందిన రెండు ఫ్యాక్టరీలను గమనించి 1991లో ఫలితాలు ప్రచురించారు. ఒక ఫ్యాక్టరీలో కంపెనీ అధిపతి లేఖ అందింది, అంతే. రెండో చోట లేఖతో పాటు పక్షానికోసారి సమాచార పత్రం, ప్రశ్నలడగడానికి ఒక ఫోన్ నంబరు, ఫ్యాక్టరీ మేనేజరుతో వారం వారం సమావేశాలు ఏర్పాటు చేశారు. చేదు వార్తలు కూడా దాచలేదు. ప్రకటన రాగానే రెండు చోట్లా ఆందోళన పెరిగింది. తర్వాత రెండో చోట అది నిలకడకు వచ్చింది, యాజమాన్యం మీద నమ్మకం కోలుకుంది. మొదటి చోట పరిస్థితి దిగజారుతూనే పోయింది.

అలాంటి ప్రసంగం ఎలా ఉంటుంది? రెండు మందుల కంపెనీలు కలుస్తున్నాయనుకుందాం. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ అయితే, ఎక్స్ఛేంజీకి తెలపకముందే సిబ్బందికి చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి కబురు ఎక్స్ఛేంజీకి చేరిన వెంటనే, టీవీల్లో వార్త పాకేలోగా మాట్లాడాలి. మొదటి నిమిషంలోనే విషయానికి రావాలి. కంపెనీ ఘన చరిత్ర చెబుతూ కూర్చుంటే, వినేవాళ్లు అసలు మాట కోసం బిగబట్టుకుని ఉంటారు.

"మన కంపెనీ విలీనమవుతోంది. మీ జీతాలు తగ్గవు, సర్వీసు తెగదు, గ్రాట్యుటీకి పాత సంవత్సరాలూ లెక్కకొస్తాయి. ఇవి ఒప్పందంలో రాసి ఉన్నాయి. అకౌంట్స్, కొనుగోళ్ల విభాగాలు రెండు కంపెనీల్లోనూ ఉన్నాయి, అన్ని పోస్టులూ మిగలవు. ఎవరెవరన్నది ఇంకా తేలలేదు. మార్చి 15లోగా తేలుస్తాం. ఎవరి సంగతి వారికి వాళ్ల మేనేజరే ఎదురుగా కూర్చుని చెబుతారు, ఈమెయిల్‌లో రాదు. ప్రతి సోమవారం నేనిక్కడే ఉంటాను, అడగండి."

ఇందులో ధైర్యం చెప్పే మాటల వెనక రాసిన కాగితం ఉంది. చేదు మాట ఏ విభాగాలకు తగులుతుందో స్పష్టంగా ఉంది కాబట్టి మిగతావాళ్లు అనవసరంగా కుమిలిపోరు. "మనమంతా ఒకే కుటుంబం" అన్న మాట ఇందులో లేదు. పోస్టులు తగ్గించబోతూ ఆ మాట వాడటం క్రూరత్వమని నేను నమ్ముతాను. "ఏమీ మారదు" అన్నది ఇంకా ప్రమాదం. మొదటి బదిలీ ఉత్తర్వు రాగానే అంతకుముందు చెప్పిన నిజాలు కూడా అబద్ధాలుగానే వినిపిస్తాయి.

ప్రసంగం ఫలించిందో లేదో చప్పట్లను బట్టి తెలియదు. హాల్లో ఒక్క ప్రశ్నా రాకుండా, ఆ తర్వాత క్యాంటీన్లో గుసగుసలు పెరిగితే అది విఫలమైనట్టే. బయట సులువుగా ఉద్యోగం దొరికే సమర్థులు ముందుగా రాజీనామా చేస్తున్నా అదే అర్థం. మార్చి 15 నాటికి నిర్ణయం తేలకపోతే, నాయకుడు అదే రోజు మళ్లీ నిలబడి ఆ సంగతి చెప్పాలి. చెప్పిన తేదీ మౌనంగా దాటిపోతే తర్వాతి తేదీని ఎవరూ నమ్మరు.

మీ కంపెనీలో ఇలాంటి సభ జరిగితే మూడు సంగతులు అడగండి: ఏది రాతపూర్వకంగా ఖాయమైంది, ఏది ఇంకా తేలలేదు, అది ఏ తేదీన తేలుతుంది. జవాబులు రాసి పెట్టుకోండి.