గుండె పరుగుకు మూడు వేల డాలర్లు

షెర్విన్ బడికి వెళ్లే కుర్రాడు. తోటి విద్యార్థి జోనథన్ అంటే అతనికి ఇష్టం. ఆ సంగతి ఎవరి కంటా పడకూడదని భయం కూడా. కానీ అతని గుండె ఊరుకోదు. ఛాతీలోంచి బయటికి దూకి, బుల్లి కాళ్లేసుకుని జోనథన్ వెంటపడుతుంది. దాన్ని పట్టి వెనక్కి లాక్కోవడానికి షెర్విన్ నానా అవస్థా పడతాడు.

నాలుగు నిమిషాల యానిమేషన్ చిత్రం 'ఇన్ ఎ హార్ట్‌బీట్' కథ ఇది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని రింగ్లింగ్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌లో చదువుకుంటూ బెత్ డేవిడ్, ఎస్టెబాన్ బ్రావో దీన్ని తీశారు. మొదట ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కథగా అనుకున్నారు. ఇద్దరూ అబ్బాయిలే అయ్యాక గుండెను దాచుకోవడానికి గట్టి కారణం దొరికింది. కథ నిలబడింది.

2016లో వాళ్లు కిక్‌స్టార్టర్ అనే వేదిక మీద జనాన్ని చందా అడిగారు. అడిగింది 3,000 డాలర్లు. నాలుగు వందల పైచిలుకు మంది కలిసి 14,191 డాలర్లు ఇచ్చారు.

యానిమేషన్ ఖర్చు తెలిసినవారికి ఆ మూడు వేలు మరీ తక్కువ అనిపిస్తుంది. బొమ్మలు గీయడం, వాటిని కదిలించడం ఇద్దరూ తమ చేతులతోనే చేసుకోగలరు. కళాశాలలో చదివే పిల్లలకు కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ సాధారణంగా అక్కడే దొరుకుతాయి. చేతకానిది సంగీతం, శబ్దం. ఈ చిత్రంలో మాటలు లేవు. గుండె సిగ్గు, తొందర, చివర్లో దాని గాయం అన్నీ సంగీతమే చెప్పాలి. అందుకే ఆర్తురో కార్దెలూస్ అనే స్వరకర్త కావాల్సి వచ్చాడు. ఎక్కడో దొరికిన పాటను అనుమతి లేకుండా వాడితే చిత్రోత్సవాల తలుపులు మూసుకుపోతాయి. తాము చేసుకోగలిగింది చేసుకుని, చేసుకోలేనిదానికే చెయ్యి చాచారు. చందా విన్నపంలో చదివేవాడికి నమ్మకం కలిగించేది ఇదే. 'చిత్ర నిర్మాణానికి' అని ఒక్క మొత్తం రాసేస్తే ఆ నమ్మకం రాదు.

లక్ష్యం చిన్నదిగా పెట్టడానికి ఇంకో కారణమూ ఉంటుంది. కిక్‌స్టార్టర్‌లో గడువులోగా లక్ష్యం చేరకపోతే ఒక్క డాలరూ చేతికి రాదు, ఎవరి ఖాతా నుంచీ కోతా పడదు. అలాగని మరీ తగ్గించినా చిక్కే. లక్ష్యం చేరి డబ్బు వచ్చేస్తుంది, పని మాత్రం దానితో పూర్తవదు. మాట ఇచ్చిన కానుకలు మెడకు చుట్టుకుంటాయి.

పైగా వచ్చినదంతా చేతికి అందదు. వేదిక తన వాటాగా 5 శాతం తీసుకుంటుంది. కార్డు చెల్లింపుల రుసుము 3 శాతం పైన, ఒక్కో చందాకు కొన్ని సెంట్లు. ఈ లెక్కన 14,191 డాలర్లలో పన్నెండు వందల దాకా కోత పడి, సుమారు 13 వేలు మిగులుతాయి. అందుకే బడ్జెట్ పట్టికలో ఈ కోతకు ముందే ఒక గడి ఉండాలి. కానుకల ఖర్చుకు ఇంకొకటి.

కానుకల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. చందా ఇచ్చినవారికి లాభంలో వాటా ఉండదు, ఇచ్చేది కానుకే. హైదరాబాద్ విద్యార్థి ఒకరు ఇలాంటి చందాకు దిగారనుకుందాం. కిక్‌స్టార్టర్‌లో భారతదేశం నుంచి ప్రాజెక్టు పెట్టే వీలు లేదు కాబట్టి ఇక్కడి వేదికే వెతుక్కోవాలి. 1,500 రూపాయలు ఇచ్చినవారికి బొమ్మల పుస్తకం పంపుతానని రాశారు. అచ్చుకు 600, గుంటూరుకు కొరియర్ 120 అనుకుంటే బాగానే మిగులుతుంది. అదే పుస్తకం డాలస్‌లో ఉన్న మేనమామకు పంపడానికి 1,800 అయితే, ఆయన ఇచ్చిన చందా పోగా పైన 900 చేతి నుంచి పడుతుంది. విదేశీ తపాలా ఖర్చు వేరుగా అడగాలి, లేదా విదేశాలవారికి పుస్తకం పీడీఎఫ్‌గా ఇవ్వాలి.

పిల్లల చిత్రాలకు తపాలా అక్కర్లేని కానుకలే మేలు: తొలి స్కెచ్‌లు, బొమ్మ ఎలా కదిలిందో చూపే వీడియో, విడుదలకు ముందే చూసే లింకు. చిత్రం చివర పేరు వేయడమైతే దాదాపు ఉచితం. కానీ దానికీ ఒక గడువుంది. ఆఖరి పేర్ల పట్టికను తయారుచేసేలోగా అందరి పేర్లూ, ఎలా రాయాలో అడిగి తెచ్చుకోవాలి. ఒక్క పేరు తప్పుపడినా ఆ భాగాన్ని మళ్లీ చేసి, చిత్రాన్ని కొత్తగా ఎక్కించాలి.

2017 జులై 31న 'ఇన్ ఎ హార్ట్‌బీట్' యూట్యూబ్‌లోకి వచ్చింది. ఆ తర్వాత ఆస్కార్ యానిమేషన్ లఘుచిత్రాల తొలి వడపోతలో మిగిలిన పదింటిలో అదొకటి.